క్లాసులో ఒక మూల, గోడ మీద ఒక పట్టీ: ఆటిజం ఉన్న బిడ్డ కోసం ఏర్పాటు ఎలా చేయాలి

నేను బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. ఆటిజం ఉన్న పిల్లాడి కోసం మొదటిసారి క్లాసులో ఆటమూల పెట్టినప్పుడు చిన్న గుడారం, రంగులు మారే దీపం, ప్లాస్టిక్ బంతుల తొట్టి కొన్నాం. వాడు మొదటి రోజే గుడారంలోకి దూరాడు. మేం మురిసిపోయాం. రెండో వారానికి వాణ్ణి బయటికి తీసుకురావడం మా వల్ల కాలేదు. మూడో వారంలో గుడారం స్టోర్ రూముకు చేరింది. ఆ గుడారం తప్పేమీ లేదు. లోపలికి ఎప్పుడు వెళ్ళాలి, ఎంతసేపు ఉండాలి, బయటికి వచ్చాక ఏం జరుగుతుంది అన్నది వాడికి తెలిసే మార్గం మేం పెట్టలేదు, అంతే. టైమ్‌టేబుల్‌లో చోటు లేని మూల దాక్కునే చోటు అవుతుంది.

రెండోసారి మూలతో పాటు గోడ మీద బొమ్మల టైమ్‌టేబుల్ పట్టీ కూడా పెట్టాం, ఆ పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను. క్లాసులో 34 మంది పిల్లలు, నేను, ఒక ఆయమ్మ. పిల్లాడికి ఆరేళ్ళు. వాణ్ణి ఇక్కడ చిన్నా అందాం. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లిష్, ఆయమ్మ నోట కన్నడ. వాడు మాట్లాడేది రెండు మూడు పదాల ముక్కలే. మీ క్లాసులో పిల్లాడు ఇంతకన్నా ఎక్కువ మాట్లాడవచ్చు, అసలు మాట్లాడకపోవచ్చు. బొమ్మల స్థాయి మార్చుకుంటే పద్ధతి అదే.

ముందు ఐదు రోజులు ఏమీ కొనకండి

ఒక నోటుబుక్కులో పేజీని నాలుగు నిలువు గడులు చేయండి: టైము, అంతకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. చెవులు మూసుకున్నా, బల్ల కిందకి దూరినా, అరిచినా, పక్క పిల్లల్ని తోసినా ఒక లైను రాయండి. "అల్లరి చేశాడు" అని రాస్తే ఆ లైను ఎందుకూ పనికిరాదు. "10:40, స్నాక్స్ నుంచి అందరూ ఒక్కసారి లోపలికి వచ్చారు, చెవులు మూసుకుని తలుపు వైపు పరిగెత్తాడు, ఆయమ్మ చెయ్యి పట్టి లాగింది, కింద పడుకున్నాడు" అని రాయాలి. ఐదు రోజులు అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా వరసగా రాయండి. ఒక్క రోజు చూసి తేల్చేస్తే ఆ రోజు నిద్ర సరిపోలేదో, బస్సులో ఎవరైనా ఏడిపించారో మీకు తెలియదు.

చిన్నా విషయంలో రెండు సంగతులు బయటపడ్డాయి. గొడవల్లో ఎక్కువ భాగం స్నాక్స్ అయ్యాక, లంచ్‌కి ముందు వచ్చాయి. అంటే గుంపు, చప్పుడు, కుర్చీలు నేల మీద ఈడ్చే కీచుమనే శబ్దం. రెండోది నేను ఊహించనిది. వాడు ఇతరుల్ని తోసింది కోపంతో కాదు. తోసిన ప్రతిసారీ అంతకు ముందు అరగంటకు పైగా కదలకుండా కూర్చుని ఉన్నాడు. శబ్దం వాడికి ఎక్కువైపోతోంది, ఒంటికి ఒత్తిడి మాత్రం చాలడం లేదు. ఆటిజంలో ఒకే బిడ్డకు ఒక ఇంద్రియం మితిమీరి, ఇంకొకటి మందంగా ఉండటం మామూలే. అందుకే "సెన్సరీ కిట్" అని ఒకే పెట్టె అందరికీ కొనడం నాకు నచ్చదు. మీ నోటుబుక్కు చూడకుండా ఎవరో సర్దిన పెట్టె అది.

ఇంకొక మాట. ఉన్నట్టుండి ఒక వారంలో ప్రవర్తన మారిపోతే ముందు ఒంటిని చూడమని ఇంటివాళ్ళకు చెప్పండి. చెవిపోటు, పన్ను నొప్పి, మలబద్ధకం ఉన్నా మాటలు తక్కువున్న బిడ్డ చెప్పలేడు, అరుస్తాడు. దానికి ఏ మూలా మందు కాదు.

మూల ఎక్కడ, ఎంత, ఎలా

నాలుగు అడుగుల వెడల్పు, ఐదు అడుగుల పొడవు చాలు. తలుపుకీ, బడి గంటకీ, రోడ్డు వైపు కిటికీకీ దూరంగా ఉండే మూల చూడండి. నేరుగా ఫ్యాన్ కింద వద్దు. ఫ్యాన్ తిరుగుతుంటే చిన్నా గంటసేపు దాన్నే చూస్తాడు. రెండు వైపులా గోడ ఉంటే మూడో వైపు మూడడుగుల ఎత్తు పుస్తకాల అర పెట్టండి. నేల మీద కూర్చున్న ఆరేళ్ళ బిడ్డ కంటికి క్లాసు కనబడదు, నిలబడ్డ మీకు మాత్రం బిడ్డ కనబడతాడు. అరను గోడకు స్క్రూలతో బిగించాలి, పిల్లలు దాన్ని పట్టుకుని ఎక్కుతారు. నాలుగో వైపు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. తలుపు, గొళ్ళెం, పూర్తిగా మూసే కర్టెన్ వద్దు. బిడ్డ తనంతట తాను బయటికి రాలేని చోటు మూల కాదు, బందీఖానా.

మా క్లాసులో పాత ట్యూబ్‌లైటు ఒకటి జుయ్యిమని మోగుతూ ఉండేది. నాకు ఎన్నడూ వినబడలేదు, చిన్నా మాత్రం దాని కింద కూర్చునేవాడు కాదు. పాతరకం చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు వెలిగి ఆరుతుంది, కొందరు పిల్లలకు ఆ మిణుకూ ఆ మోతా రెండూ తెలుస్తాయి. మూల పైన ఉన్న లైటు ఆపేయండి, లేదా ఎల్ఈడీకి మార్పించండి. వెలుగు తగ్గించడానికి లైటుకు గుడ్డ మాత్రం కట్టకండి, అంటుకునే ప్రమాదం ఉంది. కుర్చీ కాళ్ళకు పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగించాం. ఈ మొత్తం ఏర్పాటులో మూల కన్నా ఎక్కువ పనిచేసింది ఆ బంతులే అని నాకు ఇప్పటికీ అనుమానం.

లోపల ఒక చాప, దాని మీద మడిచిన బొంత, గోడకు ఆనుకోవడానికి రెండు దిండ్లు. వస్తువులు ఒకసారికి నాలుగు దాటకూడదు. ఎక్కువ ఉంటే బిడ్డ దేనితోనూ ఆడడు, అన్నీ విసురుతాడు. మేం పెట్టినవి ఇవి: నీళ్ళూ మెరుపు చెమ్కీలూ పోసి మూత గట్టిగా అంటించిన సీసా, పన్నెండు ముక్కల చెక్క పజిల్, నలపడానికి ఉప్పు కలిపిన గోధుమపిండి ముద్ద, చెవులకు పెట్టుకునే మఫ్స్. గోడ మీద చేతుల ఎత్తులో రెండు అరచేతుల బొమ్మలు అంటించాం. అక్కడ చేతులు ఆనించి గోడను పది లెక్కపెట్టేదాకా తోయాలి. చిన్నాకు కావలసిన ఒత్తిడి సగం అక్కడే దొరికింది. మిగతా సగం నోటుబుక్కుల కట్ట స్టాఫ్ రూము దాకా మోసుకెళ్ళే పనిలో దొరికింది.

పిండి ముద్ద ఒక్క రోజుకే, మర్నాడు పుల్లబడుతుంది. నోట్లో పెట్టుకునే బిడ్డ అయితే ఉప్పు పిండి కూడా వద్దు. గింజలు, గోలీలు, పూసలు అసలు వద్దు. ముక్కులో దూర్చుకున్న శనగ గింజ కోసం ఆస్పత్రికి పరిగెత్తిన టీచర్లు నాకు తెలుసు.

ఒక వస్తువు పనికొస్తుందా లేదా అన్నది బిడ్డకు అది ఇష్టమా అన్నదాన్ని బట్టి తేల్చకండి. అయిదు నిమిషాలు ఆడాక ఏమైందో చూడండి. భుజాలు దిగి, ఊపిరి నెమ్మదించి, పిలిస్తే తల తిప్పితే అది నెమ్మది పరిచే వస్తువు. ఎగరడం, నవ్వు, పరుగు పెరిగితే అది ఉత్సాహం రేపే వస్తువు, దాని చోటు పీటీ పీరియడ్. మొదటిసారి కొన్న రంగుల దీపం ఈ రెండో రకం. చిన్నాకు అది ప్రాణం, కానీ దాన్ని చూశాక ఇరవై నిమిషాలు కుదురుగా ఉండేవాడు కాదు.

చెవి మఫ్స్ పిల్లల సైజువి తీసుకోండి, పెద్దవాళ్ళవి జారిపోతాయి. బడి గంట మోగే ముందు, అసెంబ్లీకి, గుంపులో నడిచేటప్పుడు పెట్టి, తర్వాత తీసేయాలి. రోజంతా పెడితే పాఠం వినబడదు, పైగా చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి మామూలు చప్పుడు కూడా భరించలేనట్టు అవుతుంది. బరువు జాకెట్లు, బరువు దుప్పట్లు ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్పకుండా మీరే మొదలుపెట్టకండి. మడిచిన బొంత ఒడిలో పెట్టుకుంటే చాలు, వద్దనిపిస్తే బిడ్డే తోసేయగలడు. ముఖం మీద, ఛాతీ మీద ఏ బరువూ వేయకూడదు.

పట్టీ

ఇప్పుడు అసలు పని. నిజం చెప్పాలంటే పరిశోధనల బలం వస్తువులకన్నా ఈ బొమ్మల టైమ్‌టేబుల్‌కే ఎక్కువ ఉంది. టైమూ డబ్బూ ఒక్కదానికే ఉంటే పట్టీ చేయండి, మూల తర్వాత చూసుకోవచ్చు.

మందపాటి అట్ట ముక్క మీద వెల్క్రో అంటించి, అరచేతి అంత కార్డులు నిలువుగా వరసలో పెట్టాలి. కార్డు మీద ఏ బొమ్మ అన్నది బిడ్డను బట్టి. బొమ్మ చూసి అర్థం చేసుకోలేని బిడ్డకు వస్తువే ఇవ్వాలి: లంచ్‌కి చెంచా, పీటీకి బంతి. చిన్నాకు ఫోటోలు అర్థమయ్యాయి, అందుకని ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వాడకుండా మా క్లాసు నల్లబల్ల, మా డైనింగ్ హాలు, మా లైబ్రరీ తలుపు ఫోన్లో తీసి ప్రింట్ వేశాం. ఎవరో పిల్లాడు తెల్ల ప్లేటులో శాండ్‌విచ్ తింటున్న బొమ్మ పెరుగన్నం డబ్బా తెచ్చే బిడ్డకు లంచ్ అని తోచదు. మెరిసే లామినేషన్ మీద లైటు పడితే బొమ్మ కనబడదు, మెరవని రకం అడగండి.

రోజంతా ఒకేసారి చూపకండి. పొద్దున నాలుగు కార్డులు, స్నాక్స్ తర్వాత నాలుగు, లంచ్ తర్వాత మూడు. ఒక పని అయ్యాక బిడ్డే ఆ కార్డు పీకి, పట్టీ కింద ఉన్న డబ్బాలో వేయాలి. మీరు వేయకండి. ఆ కార్డు డబ్బాలో పడిన చప్పుడే వాడికి "ఆ పని అయిపోయింది" అన్న కబురు. మొదటి వారం చెయ్యి పట్టి వేయించాలి. అప్పుడు వెనక నుంచి పట్టండి, ఎదురుగా నిలబడి మాటలు చెప్పకండి. మాటలకు అలవాటుపడితే మీ మాట వచ్చేదాకా వాడు కదలడు.

మాట దగ్గరే మాకు ఒక చిక్కు వచ్చింది. నేను "ఫినిష్డ్" అనేదాన్ని. ఆయమ్మ "ఆయ్తు, ఆయ్తు" అనేది. ఇంట్లో వాళ్ళ అమ్మమ్మ "అయిపోయింది నాన్నా" అనేది. ఒకే సంగతికి మూడు మాటలు. మామూలు పిల్లలు బెంగళూరులో ఇవన్నీ ఒక్క నెలలో కలిపేసుకుంటారు. చిన్నాకు అవి మూడు వేరు వేరు సంగతులు. ఆయమ్మ "సాకు" అంటే కన్నడంలో చాలు అని, మన చెవికి అది ఇంకేదో. కూర్చుని ఆరు మాటలు ఎంచుకున్నాం: రా, కూర్చో, ఆగు, అయిపోయింది, తర్వాత, మార్పు. ఈ ఆరూ ఎవరు చెప్పినా తెలుగులోనే చెప్పాలి, ఎందుకంటే అవి వాడికి ఇంట్లో ముందే తెలిసిన మాటలు. మిగతా క్లాసంతా ఇంగ్లిష్‌లోనే సాగింది. "అయ్యో మేడం, నాకు తెలుగు బరల్ల" అంది ఆయమ్మ. నాలుగు రోజుల్లో నాకన్నా స్పష్టంగా పలికింది. మీ బిడ్డ ఇల్లు ఏ భాషదైతే ఆ ఆరు మాటలు ఆ భాషవి తీసుకోండి.

మార్పు కార్డు

పట్టీ పెట్టిన చాలామంది ఇక్కడ తప్పటడుగు వేస్తారు. రెండు వారాలు పట్టీ చక్కగా నడుస్తుంది. ఒక రోజు వాన పడి పీటీ రద్దవుతుంది. పట్టీలో పీటీ ఉంది, గ్రౌండుకు పోవడం లేదు. బిడ్డకు పట్టీ అబద్ధం చెప్పినట్టే. అప్పుడు వచ్చే ఏడుపు పట్టీ లేని రోజుల కన్నా పెద్దది.

అందుకని మొదటి వారంలోనే నారింజ రంగు కార్డు ఒకటి చేయండి, దాని మీద వంకర బాణం గుర్తు. దాన్ని ముందుగా చెడు వార్తకు వాడకూడదు. మొదటి నాలుగైదు సార్లు మంచి మార్పుకే వాడండి. లెక్కల కార్డు మీద ఆ నారింజ కార్డు పెట్టి, "మార్పు" అని, పక్కన బుడగలు ఊదే కార్డు పెట్టండి. తర్వాత వారం మంచీ చెడూ కాని మార్పు: నల్లబల్ల పని బదులు నేల మీద పని. ఆ తర్వాతే నిజం మార్పు. మేం జూన్‌లో మొదలుపెట్టాం, మూడో వారంలోనే వాన పడింది. అప్పటికి చిన్నా ఆ కార్డును ఏడుసార్లు చూశాడు. ఏడవలేదని చెప్పను. ఏడ్చాడు, కానీ పట్టీ దగ్గరే నిలబడి ఏడ్చాడు. తలుపు వైపు పరిగెత్తలేదు.

అసలు పరీక్ష అక్టోబరు చివర్లో వచ్చింది. నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవం. దానికి ముందు పది రోజులు హాల్లో డప్పులు, మైకులు, రిహార్సల్. ఏ పూట ఎవరిని పిలుస్తారో మాకే తెలియదు. ఆ పది రోజులు రిహార్సల్ కార్డు పెట్టడం మానేశాం. తెలియని టైముకు కార్డు పెడితే మళ్ళీ అబద్ధమే. బదులుగా డ్యాన్స్ మాస్టర్‌ని బతిమాలి చిన్నా వరకు ఒకే టైము, 11:30, పదిహేను నిమిషాలు, తీసుకున్నాం. వాడు మఫ్స్ పెట్టుకుని మొదటి రోజు హాలు గుమ్మంలో, మూడో రోజు లోపల వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆరో రోజు జెండా పట్టుకుని వరస చివర నిలబడ్డాడు. స్పీకరు వైపు ఉన్న చివర కాదు, ఆవలి చివర. కార్యక్రమం రోజు ఏడు నిమిషాలు నిలబడి, కార్డు డబ్బాలో వేసి మూలకు వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్నకు ఇంకాసేపు ఉంటే వీడియో బాగా వచ్చేదని ఉంది. ఏడు నిమిషాలని ముందే చెప్పాం, ఏడు నిమిషాలకే వదిలేశాం. మాట తప్పితే రేపటి పట్టీని వాడు నమ్మడు.

బెంగళూరు టీచర్లకు ఇంకొక రకం మార్పు రోజూ ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డులో బస్సు ఇరుక్కుని బిడ్డ నలభై నిమిషాలు లేటుగా వస్తాడు. అప్పటికి అసెంబ్లీ, ఇంగ్లిష్ అయిపోయి ఉంటాయి. వాడు రాకముందే మీరు ఆ కార్డులు తీసి దాచేస్తే వాడు వాటి కోసం వెతుకుతాడు. వచ్చాక వాడి చేతే ఒక్కొక్కటి తీయించి "అయిపోయింది" అని డబ్బాలో వేయించండి. ఒక నిమిషం పని. ఆ నిమిషం ఆదా చేద్దామని చూసిన రోజు నాకు పొద్దునంతా పోయింది.

మూలను పట్టీలో కట్టడం

మూల కార్డు పట్టీలో రోజుకు రెండుసార్లు ముందే ఉండాలి. గొడవ వచ్చాక పంపే చోటుగా ఉంటే అరిస్తేనే మూల దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటాడు. ఆ తప్పు బిడ్డది కాదు, మనం నేర్పిందే. మీ నోటుబుక్కులో గొడవలు ఎక్కువున్న టైము చూసి, దానికి పది నిమిషాల ముందు పెట్టండి. చిన్నాకు ఒకటి అసెంబ్లీ తర్వాత, రెండోది 10:30కి, అంటే స్నాక్స్ నుంచి అందరూ తిరిగి రావడానికి ముందే. గుంపు లోపలికి వచ్చేసరికి వాడు మూలలో ఉన్నాడు, గుంపు కుదురుకున్నాక బయటికి వచ్చాడు. ఆ ఒక్క మార్పుతో 10:40 గొడవలు సగానికి పైగా తగ్గాయి.

ఒక్కోసారి అయిదు నిమిషాలు, 10:30 మూల మాత్రం గుంపు కుదురుకునేదాకా. టైము చూపడానికి ఇసుక గడియారం మంచిది, పీప్ మని మోగే టైమర్ వద్దు. దాన్ని అర పైన, చేతికి అందని చోట పెట్టండి. అందుబాటులో ఉంటే బిడ్డ ఇసుక జారడమే చూస్తూ మళ్ళీ మళ్ళీ తిరగేస్తాడు, అయిదు నిమిషాలు ఎప్పటికీ అవవు.

బయటికి రావడం లోపలికి వెళ్ళడం కన్నా కష్టం. దీనికి మాకు పనికొచ్చిన చిట్కా పజిల్. పన్నెండు ముక్కల్లో పదకొండు మూలలో ఉంటాయి, పన్నెండోది వాడి బల్ల మీద ఉంటుంది. ఇసుక అయిపోగానే పజిల్ పలక పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి ఆఖరి ముక్క పెడతాడు. చేతిలో ఒక పని ఉంది కాబట్టి కాళ్ళు కదులుతాయి. బల్ల దగ్గర మొదటి పని వాడికి కళ్ళు మూసుకుని చేయగలిగింది ఉండాలి, చుక్కలు కలపడమో, రంగు వేయడమో. మూల నుంచి వచ్చీ రాగానే రాతపని ఎదురైతే రేపు వాడు రాడు.

వీటితో పాటు, వాడికి కావాలనిపించినప్పుడు అడగడానికి బల్ల మూలకు ఒక బ్రేక్ కార్డు అంటించండి. వాడు దాన్ని పీకి మీ చేతిలో పెడితే మొదటి రెండు వారాలు ప్రతిసారీ, వెంటనే పంపాలి. "ఈ లైను రాసి వెళ్ళు" అనకూడదు. కార్డు పనిచేస్తుందని నమ్మకం కుదిరితేనే అరవడం బదులు కార్డు ఇస్తాడు. రోజుకు ఎన్నిసార్లు, ఏ పీరియడ్‌లో అడిగాడో రాసుకోండి. చిన్నా రెండో నెలలో రోజుకు ఆరేడు సార్లు అడిగాడు, దాదాపు అన్నీ రాతపని దగ్గరే. అంటే అక్కడ సమస్య చప్పుడు కాదు, పెన్సిలు. పేజీని సగం మడిచి పై సగమే ఇచ్చాం, లావు పెన్సిలు ఇచ్చాం. రెండు వారాల్లో మూడుసార్లకు వచ్చింది. ఇలా కాకుండా కార్డును రేషన్ చేసి ఉంటే మాకు ఈ సంగతి తెలిసేది కాదు.

పూర్తిగా చెయ్యి దాటిపోయి బిడ్డ అరుస్తూ కింద పడి ఉన్నప్పుడు మూలకు ఈడ్చుకెళ్ళకండి. ఆ స్థితిలో మాట చెవికెక్కదు, తాకితే మంట. పిల్లల్ని, కుర్చీల్ని పక్కకు జరపండి, లైటు ఆపండి, రెండడుగుల దూరంలో కింద కూర్చుని ఊరుకోండి. తగ్గాక నీళ్ళు, తర్వాత పట్టీలో తర్వాతి కార్డు. "ఎందుకిలా చేశావు" అన్న ప్రశ్న ఆ రోజు అడగకండి.

మిగతా 33 మంది

మొదటి రోజే అడుగుతారు: "మేడం, నేనూ వెళ్ళనా?" వెళ్ళనివ్వండి. చిన్నా టైము కాని వేళల్లో రోజుకు ఇద్దరికి చొప్పున అయిదు నిమిషాలు, హాజరు పట్టీ వరసలో. నెలలోపే అందరి ఆశా తీరిపోయి అది మామూలు మూల అయిపోయింది. ఆ క్రమంలో ఇంకో ఇద్దరికి, ఎవరూ అనుకోని పిల్లలకు, నిజంగానే ఆ చోటు అవసరమని తెలిసింది. బిడ్డకు ఆటిజం అని క్లాసుకు చెప్పాలా వద్దా అన్నది ఇంటివాళ్ళ నిర్ణయం. వాళ్ళు ఒప్పుకోకపోతే "చిన్నా చెవులకు చప్పుడు గట్టిగా వినబడుతుంది" అంటే ఆరేళ్ళ పిల్లలకు చాలు.

ఇద్దరు కలిసి ఆడటానికి "కలిసి ఆడుకోండి" అని ఒకే బొమ్మ ఇస్తే యుద్ధమే. ఒకేలాంటివి రెండు సెట్లు ఇవ్వండి, రెండు పిండి ముద్దలు, రెండు సీసాలు. పక్కపక్కన ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం కూడా ఆటే. మేం ఎంచిన తోడు పిల్ల తక్కువ మాట్లాడేది, చిన్నా చేసిందల్లా తనూ చేసేది. వాడు ముద్దను పాములా చేస్తే తనూ పాము చేసింది. మూడో వారంలో వాడు తన ముద్ద ఆపి ఆమె చేతుల వైపు చూశాడు. అప్పటి నుంచి ఒకే పజిల్, ముక్కలు చెరి సగం. ఆ ఆట సాగినంతసేపూ మీ పని దూరంగా కూర్చోవడమే. "సూపర్! వెరీ గుడ్!" అని అరిస్తే ఇద్దరూ మీ వైపు తిరుగుతారు, ఆట అక్కడితో సరి.

నడుస్తూ ఉండాలంటే

మీరు సెలవు పెట్టిన రోజు ఇదంతా కూలుతుంది. మూల అర పక్కన ఒక్క పేజీ అంటించండి: మూల టైములు, ఆరు మాటలు, బ్రేక్ కార్డు ఇస్తే వెంటనే పంపాలి, బడి గంట మోగే ముందు మఫ్స్. అంతకు మించి రాస్తే బదులు వచ్చిన టీచర్ చదవరు. రేపు ఏదైనా మార్పు ఉంటే సాయంత్రం ఏడు లోపు రేపటి పట్టీ ఫోటో ఇంటికి వాట్సాప్‌లో పంపండి. చిన్నా అమ్మమ్మ ఆ ఫోటో చూపించి "రేపు పీటీ లేదు నాన్నా, మార్పు" అని పడుకోబోయే ముందు చెప్పేది. మర్నాడు మా పని సగం తగ్గేది.

మేనేజ్‌మెంటు "ఒక్కడి కోసం ఇంతా?" అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపండి. అందులో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, బిడ్డ అవసరాన్ని బట్టి తగిన ఏర్పాటు చేయాలని 16వ సెక్షన్ చెబుతుంది. మా ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది మాత్రం సెక్షన్ కాదు, ఖర్చు కాగితం. టెన్నిస్ బంతులు, మఫ్స్, లామినేషన్ అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు.

నెలకొకసారి మళ్ళీ అయిదు రోజులు నాలుగు గడులు రాయండి. గొడవల సంఖ్య ఒక్కటే చూడకండి. మూల నుంచి బల్లకు రావడానికి ఎంతసేపు పడుతోంది, బ్రేక్ కార్డు ఏ పీరియడ్‌లో వస్తోంది, అవీ చూడండి. చిన్నా జూన్‌లో బల్లకు రావడానికి పావుగంట తీసుకునేవాడు, డిసెంబరుకు రెండు నిమిషాలు. అప్పుడు 10:30 మూలను ఉంచి, అసెంబ్లీ తర్వాతది తీసేశాం, అదీ మార్పు కార్డుతోనే. పట్టీని మాత్రం తీయలేదు. బిడ్డ బాగున్నాడు కదా అని పట్టీ తీసేసే టీచర్లను చూశాను, రెండు వారాల్లో మళ్ళీ మొదటికి వస్తారు. కార్డుల్ని ఫోటోల నుంచి చిన్న బొమ్మలకు, బొమ్మల నుంచి రాసిన మాటలకు మార్చవచ్చు, పెద్దవాళ్ళు డైరీ రాసుకున్నట్టు.

ఏప్రిల్‌లో రెండో తరగతి గదికి వెళ్ళి ఫోటోలు తీయండి: కొత్త టీచర్, కొత్త తలుపు, బాత్రూముకు దారి, మూల ఉండబోయే చోటు. సెలవుల్లో ఇంట్లో చూసుకోవడానికి చిన్న ఆల్బమ్ చేసి ఇవ్వండి. స్కూలు తెరవడానికి రెండు రోజుల ముందు, పిల్లలెవరూ లేనప్పుడు, బిడ్డను రమ్మని పాత చాప, పాత కార్డుల డబ్బా వాడి చేతే కొత్త గదికి మోయించండి. చిన్నా డబ్బా మోశాడు, చాప నా చేతికిచ్చాడు. కొత్త గదిలో అడుగుపెట్టగానే తల ఎత్తి ట్యూబ్‌లైటు వైపు చూశాడు. నేనూ చూశాను. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం.